స్లైడ్ డెక్‌ని ఒక పేజీకి కుదించడం ఎలా? వాదన తెగకుండా, ప్రతి పాయింటూ దాని ఆధారం ఉన్న స్లైడుకు కట్టి ఉండేలా

"పెద్ద ప్రజెంటేషన్‌ని ఒక పేజీలో కుదించి ఇవ్వమన్నారు, ఎలా చేయాలి?" అని చాలామంది అడుగుతుంటారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఒకసారి చేసి చూసినవాళ్లే. ప్రతి స్లైడు నుంచీ ఒక వాక్యం తీసి వరసగా పేర్చి ఉంటారు. అది చదివినవాళ్లకు విషయాలు తెలుస్తాయి కానీ, ఏ విషయం వల్ల ఏ నిర్ణయం వచ్చిందో తెలియదు. "ఈ అంకె ఎక్కడిది?" అని అడిగితే మళ్లీ డెక్ అంతా తిరగేయాల్సిందే.

అన్ని రకాల డెక్‌ల గురించీ ఇక్కడ చెప్పడం లేదు. ఒక నిర్ణయం తీసుకోమని అడిగే డెక్‌ను, అంటే "ఇలా ఉంది, అందుకని ఇది చేద్దాం" అనే డెక్‌ను ఎలా కుదించాలో మాత్రమే చెబుతాను. పని చేసేచోట మన చేతికి ఎక్కువగా వచ్చేది అదే. తప్పుగా కుదిస్తే నష్టం ఎక్కువగా జరిగేదీ దానితోనే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- డెక్ అసలు ఫైలు. పీడీఎఫ్ ఒక్కటే ఉంటే సరిపోదు. స్లైడు కింద రాసుకున్న నోట్స్, దాచిపెట్టిన స్లైడ్లు అసలు ఫైలులోనే కనిపిస్తాయి. వాదనలో సగం నోట్స్‌లోనే ఉండే డెక్‌లు చాలా ఉంటాయి.
- ఆ ఫైలుకు మీ సొంత కాపీ ఒకటి, పేరులో తేదీతో. మీరు కుదిస్తూ ఉండగానే అవతల ఎవరో రెండు స్లైడ్లు చేర్చేస్తే మీరు రాసుకున్న నంబర్లన్నీ తప్పవుతాయి.
- నాలుగు నిలువు వరసలున్న కాగితం లేదా షీటు: పాయింటు, ఏ స్లైడు, ఆ స్లైడు నిజంగా ఏం చూపిస్తోంది, ఈ పాయింటు దేని మీద ఆధారపడింది.
- కుదిరితే, డెక్ తయారుచేసిన మనిషితో ఓ పావుగంట. మొదట్లోనే వద్దు, అయిదో మెట్టు తర్వాత.

ఉదాహరణగా తీసుకుంటున్న డెక్

మెట్లు అర్థం కావడానికి ఒక డెక్ కల్పించాను. ఇందులోని అంకెలన్నీ కల్పితం. పది శాఖలున్న ఒక క్లినిక్ సంస్థ అనుకోండి. అపాయింట్‌మెంట్ తీసుకుని కూడా రానివాళ్లు ఎక్కువైపోయారు. ముందురోజు ఎస్సెమ్మెస్ పంపితే ఈ సమస్య తగ్గుతుందని ఒక బృందం 14 స్లైడ్లు చేసింది.

- 1, 2: పేరు, విషయసూచిక.
- 3: "ప్రస్తుత పరిస్థితి". గత ఆరు నెలల్లో సగటున 18 శాతం మంది రాలేదు.
- 4: "ప్రభావం". దానివల్ల నెలకు 120 డాక్టరు గంటలు ఖాళీగా పోతున్నాయి.
- 5: "60 శాతం మంది మరచిపోతున్నారు". రానివాళ్లతో చేసిన ఫోన్ సర్వే.
- 6: రోగుల మాటలు. ఈ స్లైడు దాచిపెట్టి ఉంది.
- 7: "పైలట్ విజయవంతం". రెండు శాఖల్లో ఎనిమిది వారాలు ఎస్సెమ్మెస్ పంపితే రానివాళ్లు 19 శాతం నుంచి 12కి తగ్గారు.
- 8: అదే ఎనిమిది వారాల్లో మిగతా శాఖలు. అక్కడ 18 నుంచి 16 అయింది.
- 9: పైలట్ శాఖల్లో వయసువారీగా. 60 దాటినవాళ్లలో 20 నుంచి 19 మాత్రమే.
- 10: "లాభదాయకం". నెలకు 47 గంటలు మిగులుతాయి, ఖర్చు 35 గంటల ఆదాయంతో సమానం.
- 11: ఎస్సెమ్మెస్ సేవలిచ్చే సంస్థల పోలిక.
- 12: "రిస్కులు". రికార్డుల్లో నాలుగో వంతు ఫోన్ నంబర్లు పాతవి.
- 13: "సిఫార్సు". వచ్చే మూడు నెలల్లో పది శాఖల్లోనూ అమలు చేద్దాం.
- 14: అనుబంధం. పైలట్‌కు ఎంచుకున్న రెండు శాఖల్లో ఫోన్ నంబర్లు ఈమధ్యే సరిచేశారని చిన్న అక్షరాల్లో ఒక గమనిక.

చాలామంది దీన్ని ఇలా కుదిస్తారు: "18 శాతం మంది రావడం లేదు. 60 శాతం మంది మరచిపోతున్నారు. ఎస్సెమ్మెస్‌తో రానివాళ్లు 19 నుంచి 12 శాతానికి తగ్గారు. నెలకు 47 గంటలు మిగులుతాయి. పది శాఖల్లో అమలు చేయాలి." ఈ అంకెలన్నీ డెక్‌లో ఉన్నవే, ఏదీ తప్పుగా ఎత్తలేదు. అయినా సారాంశం తప్పే. ఎందుకో మెట్టు మెట్టుగా చూద్దాం.

1. ముందు స్లైడ్ నంబర్లను ఖాయం చేయండి

చిన్న పనే, కానీ దీన్ని వదిలేస్తే తర్వాత చేసిందంతా వృథా అవుతుంది. పవర్‌పాయింట్‌లో దాచిన స్లైడుకు కూడా నంబరు ఉంటుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు దాచినవాటిని వదిలేస్తే పేజీలు తగ్గిపోతాయి. మన ఉదాహరణలో ఆరో స్లైడు దాచి ఉంది కదా. అప్పుడు పైలట్ ఫలితం ఉన్న స్లైడు మీద 7 అని ఉంటుంది, పీడీఎఫ్‌లో అది ఆరో పేజీ అవుతుంది. మీరు "7 చూడండి" అని రాస్తే, పీడీఎఫ్ చూసేవాళ్లు మిగతా శాఖల స్లైడు దగ్గరికి వెళ్తారు.

అందుకని సారాంశం పైభాగంలోనే "నంబర్లు ఫలానా తేదీ ఫైలులో స్లైడు మీద ముద్రించినవి" అని ఒక వాక్యం రాయండి. ఒక్క నంబరు ఇచ్చి ఊరుకోకుండా గుర్తుపట్టేలా రెండు మాటలు జోడిస్తే ఇంకా మంచిది: "స్లైడ్ 7, పైలట్ శాఖల గ్రాఫ్". నంబరు మారినా మాటల్ని బట్టి వెతుక్కోవచ్చు.

నొక్కితే తెరుచుకునే లింకులు ఇవ్వాలనుకుంటే, గూగుల్ స్లైడ్స్‌లో ఆ స్లైడు మీద ఉన్నప్పుడు అడ్రస్ బార్‌లో చివర `#slide=id.` తో మొదలయ్యే భాగం కనిపిస్తుంది. అది ఆ స్లైడుకే చెందిన గుర్తు కాబట్టి స్లైడును ముందుకీ వెనక్కీ జరిపినా లింకు దానితోనే ఉంటుంది. వెబ్‌లో పెట్టిన పీడీఎఫ్ అయితే చిరునామా చివర `#page=6` చేర్చండి. చాలా బ్రౌజర్లలో నేరుగా ఆ పేజీ తెరుచుకుంటుంది. ఇక్కడ లెక్కకొచ్చేది ఫైలులో ఎన్నో పేజీ అన్నదే. పేజీ మీద అచ్చయిన నంబరు కాదు.

2. చివరి మాట ఏమిటో పట్టుకోండి

డెక్‌ని మొదటి స్లైడు నుంచి చదువుతూ కుదించడం మొదలుపెట్టకండి. చదివేవాళ్లను ఏం చేయమని అడుగుతోందో ముందు వెతకండి. అది చివర్లో ఉండొచ్చు, రెండో స్లైడులోనే ఉండొచ్చు, నోట్స్‌లో మాత్రమే ఉండొచ్చు. దొరికాక దాన్ని ఒక పూర్తి వాక్యంగా రాయండి: ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పటిలోగా. మన డెక్‌లో అది 13లో ఉంది: "వచ్చే మూడు నెలల్లో పది శాఖల్లోనూ ముందురోజు ఎస్సెమ్మెస్ పంపే ఏర్పాటు చేయాలి."

ఇందులో "పది శాఖల్లోనూ" అన్న మాట కింద గీత గీసుకోండి. నిర్ణయం ఎంత దూరం వెళ్తుందో చెప్పే మాట అదే. ఆధారం కూడా అంత దూరం వెళ్తుందో లేదో తర్వాత చూడాలి.

3. అక్కడి నుంచి వెనక్కి నడవండి

ఆ వాక్యం ముందు పెట్టుకుని, "ఇది ఒప్పుకోవాలంటే ఇంకేం నిజం కావాలి?" అని అడగండి. జవాబులు మీ మాటల్లో, పూర్తి వాక్యాల్లో రాయండి. అప్పటికి స్లైడ్ల వంక చూడకపోవడమే మంచిది. మన డెక్‌కు ఇవి వస్తాయి:

- ఒకటి: రానివాళ్ల సంఖ్య పట్టించుకోవాల్సినంత ఉంది.
- రెండు: వాళ్లలో ఎక్కువమంది మరచిపోవడం వల్లే రావడం లేదు.
- మూడు: ఎస్సెమ్మెస్ పంపితే రానివాళ్లు తగ్గుతారు.
- నాలుగు: రెండు శాఖల్లో తగ్గినట్టే పది శాఖల్లోనూ తగ్గుతారు.
- అయిదు: ఖర్చు కంటే మిగిలేది ఎక్కువ.

నాలుగోదాన్ని చూడండి. డెక్‌లో ఏ స్లైడు మీదా ఈ వాక్యం లేదు. అది లేకుండా మాత్రం 7 నుంచి 13కి వెళ్లలేం. డెక్ నోరు విప్పి చెప్పని ఇలాంటి పాయింట్లు వెనక్కి నడిస్తేనే దొరుకుతాయి. ముందు నుంచి చదువుకుంటూ పోయేవాళ్లకు ఇవి కనబడవు, ఎందుకంటే లేనిదాన్ని కుదించడం కుదరదు కదా.

జాగ్రత్త: పాయింట్లు ఏడెనిమిది దాటుతుంటే, బహుశా మీరు ఆధారాలను కూడా పాయింట్లుగా రాసేస్తున్నారు. "60 దాటినవాళ్లలో పెద్దగా తగ్గలేదు" అన్నది ఇక్కడ విడి పాయింటు కాదు. అది మూడో పాయింటుకు హద్దు గీసే ఆధారం.

4. ప్రతి పాయింటుకూ స్లైడు కట్టండి, శీర్షికను నమ్మకుండా

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టే మెట్టు ఇదే, పట్టాలి కూడా. స్లైడు తెరిచి, పైన ఉన్న శీర్షికను చేత్తో మూసేయండి. గ్రాఫ్, పట్టిక, కింది చిన్న అక్షరాలు మాత్రమే చూసి, "ఇది ఏం చూపిస్తోంది?" అన్నదానికి ఒక వాక్యం రాయండి. ఆ తర్వాతే శీర్షిక చూడండి. రెండూ ఒకటే చెబుతుంటే సరే. తేడా ఉంటే సారాంశంలోకి మీ వాక్యమే వెళ్లాలి.

అయిదో స్లైడుతో చేసి చూద్దాం. శీర్షిక "60 శాతం మంది మరచిపోతున్నారు" అంటోంది. కింద ఉన్న లెక్క ఇది: 200 మందికి ఫోన్ చేశారు, 90 మంది ఎత్తారు, వాళ్లలో 54 మంది మరచిపోయామన్నారు. 90లో 54 అంటే 60 శాతమే, లెక్క తప్పు కాదు. కానీ ఆ 60 శాతం ఫోన్ ఎత్తినవాళ్లలో. ఎత్తని 110 మంది ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. వాళ్లలో నంబరు మారిపోయినవాళ్లు కూడా ఉండొచ్చు, అలాంటివాళ్లకు ఎస్సెమ్మెస్ కూడా చేరదు. కాబట్టి షీటులో రాయాల్సింది: "ఫోన్ ఎత్తిన 90 మందిలో 54 మంది మరచిపోయామన్నారు (స్లైడ్ 5)."

శాతం కనిపించిన ప్రతిచోటా "ఎంతమందిలో?" అని, తగ్గింది పెరిగింది అన్న ప్రతిచోటా "దేనితో పోలిస్తే?" అని అడగండి. కుదించేటప్పుడు ముందుగా రాలిపోయేవి ఈ రెండే.

శీర్షికకూ కింది మాటకూ తేడా ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2003 జనవరిలో కొలంబియా షటిల్ పైకి లేచేటప్పుడు నురుగు ముక్క ఒకటి ఊడి రెక్కకు తగిలింది. నష్టం ఎంతో అంచనా వేస్తూ ఇంజనీర్లు చేసిన ఒక స్లైడు శీర్షిక, పరీక్షల డేటాను బట్టి లెక్కలు భద్రత వైపే మొగ్గుతున్నాయన్న భావన ఇచ్చింది. అదే స్లైడు అట్టడుగున మాత్రం, అసలు పరిస్థితి పరీక్షించిన పరిధికి చాలా బయట ఉందని రాసి ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇక్కడ అంచనా 1920. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ షటిల్ ముక్కలై ఏడుగురూ చనిపోయారు. ప్రమాదంపై విచారణ జరిపిన బోర్డు తన నివేదికలో ఈ స్లైడును ప్రత్యేకంగా చర్చించింది. ఆ స్లైడును శీర్షికతో కుదిస్తే ఒక సారాంశం వస్తుంది, చివరి వాక్యంతో కుదిస్తే దానికి పూర్తిగా వ్యతిరేకమైనది వస్తుంది.

5. ముడులు ఎలాంటివో చూడండి

పాయింట్లు, స్లైడ్లు షీటు మీదికి వచ్చాక, వాటి మధ్య ఉన్న ముడిని పరీక్షించాలి. దీనికి సులువైన పద్ధతి ఉంది: ఒక స్లైడును మనసులో తీసేసి, "ఇప్పుడు ఏది పడిపోతుంది?" అని అడగండి.

అయిదో స్లైడు తీసేయండి. రెండో పాయింటు పడిపోతుంది. మరి నిర్ణయం? పడదు. జనం ఎందుకు రావడం లేదో తెలియకపోయినా, ఎస్సెమ్మెస్ పంపితే తగ్గారని పైలట్ విడిగా చూపిస్తోంది. డెక్‌లో 5 తర్వాత 7 వచ్చింది కాబట్టి "మరచిపోతున్నారు, కాబట్టి ఎస్సెమ్మెస్ పనిచేస్తుంది" అని రాయాలనిపిస్తుంది. అది స్లైడ్ల వరసే తప్ప వాదన వరస కాదు. సర్వే ఇక్కడ పక్క ఆసరా మాత్రమే. సారాంశంలో అది "దీనికి తోడు" అన్న మాటతో రావాలి, "కాబట్టి"తో కాదు.

ఇప్పుడు ఎనిమిదో స్లైడు తీసేయండి. ఏడు ఒక్కటే మిగిలితే తగ్గుదల 7 శాతం పాయింట్లు, అంటే 19కీ 12కీ ఉన్న తేడా. కానీ అదే సమయంలో ఎస్సెమ్మెస్ పంపని శాఖల్లో కూడా 2 పాయింట్లు తగ్గింది. అంటే ఎస్సెమ్మెస్ వల్ల వచ్చిందని చెప్పుకోగలిగేది సుమారు 5. ఏడూ ఎనిమిదీ కలిపి చదివితేనే మూడో పాయింటు నిలబడుతుంది. ఇలాంటి జంటను సారాంశంలో విడదీయకూడదు. రెండు నంబర్లూ ఒకే వాక్యంలో, ఒకే బ్రాకెట్లో ఉండాలి.

పదో స్లైడు సంగతి ఇంకా ముఖ్యం. 47 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ స్లైడు మీద లేదు. వెనక్కి లెక్క వేస్తే దొరుకుతుంది: 18 శాతం మంది రానందుకు 120 గంటలు పోతుంటే, 7 పాయింట్లు తగ్గితే 120 × 7 ÷ 18, అంటే దాదాపు 47. అంటే ఈ అంకె నాలుగో స్లైడు మీద, ఏడో స్లైడు మీద కూర్చుని ఉంది. ఎనిమిదిని లెక్కలోకి తీసుకుని 5 పెడితే 33 గంటలు వస్తాయి. ఖర్చు 35. లాభం అన్నది కాస్తా స్వల్ప నష్టం అవుతుంది.

నాలుగో వరస, అంటే "దేని మీద ఆధారపడింది" అన్నది, ఇందుకోసమే. ఒక పాయింటు ఇంకో పాయింటు అంకెను అరువు తెచ్చుకున్నప్పుడు, అక్కడ జరిగిన మార్పు ఇక్కడికీ రావాలి. విడివిడి వాక్యాలుగా కుదిస్తే ఈ అప్పు కనబడదు.

చివరగా, వ్యతిరేకంగా నిలిచే స్లైడ్లు. 12ను "రిస్కులు" అని విడిగా కింద పెట్టేయడం అలవాటు. అలా చేయకండి. ఏ రిస్కు ఏ పాయింటును బలహీనపరుస్తుందో వెతికి దాని పక్కనే పెట్టండి. నాలుగో వంతు నంబర్లు పాతవన్న మాట, పైలట్ శాఖల్లో నంబర్లు కొత్తవన్న 14లోని గమనిక, రెండూ కలిసి నాలుగో పాయింటుకే తగులుతాయి. విడిగా ఉంటే రెండూ చిన్న విషయాలే. పక్కపక్కన పెడితే, పైలట్ ఫలితం మిగతా శాఖలకు వర్తిస్తుందా అన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది.

తయారుచేసినవాళ్లతో మాట్లాడాల్సిన సమయం ఇదే. "మీ డెక్‌లో తప్పుంది" అని మొదలుపెట్టకండి. "47 ఏ స్లైడు నుంచి వచ్చింది?", "పది శాఖలకూ వర్తిస్తుందనడానికి వేరే స్లైడు ఉందా?" అని అడగండి. వాళ్ల దగ్గర చూపించని డేటా ఉండొచ్చు. ఉంటే దాన్ని "డెక్‌లో లేదు, అడిగితే చెప్పారు" అని విడిగా రాయండి. లేని స్లైడు నంబరు మాత్రం వేయకండి.

6. ఇప్పుడు రాయండి

నిర్ణయం మొదట రాయండి, తర్వాత దాన్ని మోసే పాయింట్లు, ఒక్కొక్కటీ తన హద్దుతో సహా. బులెట్లు వద్దంటాను నేను. బులెట్ పెట్టగానే "కాబట్టి", "అయితే", "ఎందుకంటే" అన్న మాటలు రాలిపోతాయి, వాదనను పట్టి ఉంచేవి ఆ మాటలే. సంస్థలో బులెట్లే రాయాలన్న నియమం ఉంటే, ప్రతి బులెట్‌నూ అలాంటి మాటతోనే మొదలుపెట్టండి.

మన డెక్‌కు సారాంశం ఇలా వస్తుంది:

"వచ్చే మూడు నెలల్లో పది శాఖల్లోనూ ముందురోజు ఎస్సెమ్మెస్ పంపే ఏర్పాటు చేయాలని డెక్ కోరుతోంది (13). ఎందుకంటే అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లలో సగటున 18 శాతం మంది రావడం లేదు (3), దానివల్ల నెలకు 120 డాక్టరు గంటలు ఖాళీగా పోతున్నాయి (4). రెండు శాఖల్లో ఎనిమిది వారాలు ఎస్సెమ్మెస్ పంపినప్పుడు రానివాళ్లు 19 నుంచి 12 శాతానికి తగ్గారు. అయితే అదే సమయంలో పంపని శాఖల్లో కూడా 18 నుంచి 16కి తగ్గారు (7, 8 కలిపి చూడాలి). పైలట్ శాఖల్లోనే 60 దాటినవాళ్లలో మాత్రం పెద్దగా మార్పు లేదు (9). దీనికి తోడు, రానివాళ్లలో ఫోన్ ఎత్తిన 90 మందిలో 54 మంది మరచిపోయామన్నారు (5). నెలకు 47 గంటలు మిగులుతాయి, ఖర్చు 35 గంటలకు సమానం కాబట్టి లాభమేనని డెక్ అంటోంది (10). ఈ ఫలితం పది శాఖల్లోనూ వస్తుందన్న మాటకు డెక్‌లో ఆధారం స్లైడు లేదు. రికార్డుల్లో నాలుగో వంతు నంబర్లు పాతవి (12), పైలట్ శాఖల్లో మాత్రం నంబర్లు ఈమధ్యే సరిచేసినవి (14).

కుదించినవారి గమనిక: 47 గంటల లెక్కకు 7 పాయింట్ల తగ్గుదల తీసుకున్నట్టుంది. 8వ స్లైడును కలుపుకుని 5 తీసుకుంటే సుమారు 33 గంటలు."

గమనికను విడిగా పెట్టడం గమనించారా? డెక్ చెప్పిన 47ను నేను 33గా మార్చలేదు. కుదించేవాళ్ల పని డెక్‌ని సరిదిద్దడం కాదు, అలాగని చూసిందాన్ని మింగేయడమూ కాదు. డెక్ మాట డెక్ మాటగా, మీ మాట మీ మాటగా ఉంటే చదివేవాళ్లకు ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఆధారం లేనిచోట "లేదు" అని రాయడానికి కూడా జంకకండి. దగ్గరలో ఉన్న ఏదో స్లైడు నంబరు అతికిస్తే, ఖాళీ వదిలినదానికంటే ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది.

11వ స్లైడు ఎక్కడా రాలేదు. ఏ సంస్థ సేవ తీసుకోవాలన్నది నిర్ణయం తర్వాతి ప్రశ్న, ఈ వాదనను అది మోయడం లేదు. 6 కూడా అంతే. ఏ పాయింటుకూ కట్టుకోని స్లైడును వదిలేయొచ్చు, కానీ ఎందుకు వదిలారో షీటులో ఒక్క ముక్క రాసుకోండి. "11 ఎందుకు లేదు?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు.

7. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదటిది అంకెల పరీక్ష. సారాంశంలో ఉన్న ప్రతి అంకె మీదా వేలు పెట్టి, పక్కన ఉన్న స్లైడు తెరిచి, అదే అంకె, అదే కొలత, అదే కాలం ఉన్నాయా అని చూడండి. "7 శాతం తగ్గింది", "7 పాయింట్లు తగ్గింది" ఒకటి కావు. 19 నుంచి 12కి వస్తే 7 పాయింట్లే కానీ, శాతంలో చెబితే దాదాపు 37. ఈ తప్పు ఎంత తరచుగా దొర్లుతుందంటే, నేను దీన్ని ప్రతిసారీ విడిగా వెతుకుతాను.

రెండోది తిరగబడి చదివే పరీక్ష, నేను ఎక్కువగా నమ్మేది ఇదే. డెక్ చూడని మనిషికి సారాంశం మాత్రమే ఇవ్వండి. "8వ స్లైడులో ఏముంటుందనుకుంటున్నావు? అది లేకపోతే ఏమవుతుంది?" అని అడగండి. "పంపని శాఖల అంకెలు ఉంటాయి, అవి లేకపోతే తగ్గుదల ఎంతో సరిగ్గా తెలియదు" అన్న అర్థంలో జవాబు వస్తే ముడి బతికింది. "ఏదో ఇంకో గ్రాఫ్" అంటే, నంబరు ఉంది గానీ ముడి లేదు. ఆ వాక్యం మళ్లీ రాయండి.

మూడోది, డెక్ చేసినవాళ్లకు చూపించి ఒక్క ప్రశ్న అడగండి: "మీరు అనని మాట నేను అన్నానా?" బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, దానివల్ల మీకేమీ తెలియదు.

తరచుగా జరిగే తప్పులు

*చివర గుత్తగా నంబర్లు ఇవ్వడం.* పేరా అంతా రాసి "(3, 4, 5, 7, 8, 10)" అని పెడితే ఏది దేనికో తెలియదు. నంబరు ఆ మాట పక్కనే ఉండాలి.

*మాటను బలపరిచేయడం.* "సూచిస్తోంది" అన్నది "నిరూపించింది" అయిపోతుంది, "రెండు శాఖల్లో" అన్నది మాయమవుతుంది. కావాలని ఎవరూ చేయరు, వాక్యం పొట్టి చేస్తున్నప్పుడు దానంతటదే జరుగుతుంది. పదాలు తగ్గించాల్సి వస్తే విశేషణాలు తీసేయండి, హద్దులు చెప్పే మాటలు వదలకండి.

*ఒక పాయింటును ఇంకో పాయింటుతోనే నిలబెట్టడం.* "లాభదాయకం (13)" అని సిఫార్సు స్లైడు నంబరు వేయడం లాంటిది. 13 అదే మాటను మళ్లీ చెప్పింది, ఆధారం చూపలేదు. నంబరు వేసే ముందు ఆ స్లైడులో డేటా ఉందా, లేక మాట మాత్రమే ఉందా చూడండి.

పరిస్థితి వేరుగా ఉంటే

సమయం లేదంటే, మూడో మెట్టు, అయిదో మెట్టులో "తీసేస్తే ఏది పడిపోతుంది" అన్న ప్రశ్న, ఈ రెండూ చేయండి. నిర్ణయాన్ని మోసే రెండు మూడు స్లైడ్లు తేలతాయి. వాటినే జాగ్రత్తగా చదివి, మిగతావి "పరిశీలించలేదు" అని రాయండి.

పీడీఎఫ్ మాత్రమే దొరికితే, నోట్స్, దాచిన స్లైడ్లు చూడలేదని పైనే చెప్పండి. స్లైడు నంబర్లలో ఎక్కడైనా ఒకటి దాటిపోయిందేమో చూడండి. 5 తర్వాత 7 ఉంటే మధ్యలో ఏదో దాచారని అర్థం, దాన్ని అడిగి తెప్పించుకోండి.

ఆధారం డెక్‌లో కాకుండా వేరే నివేదికలో ఉంటే, "స్లైడ్ 7, దాని మూలం ఫలానా నివేదికలోని పట్టిక" అని రెండు మెట్లూ రాయండి. నివేదిక మీరు తెరిచి చూడకపోతే, చూడలేదని కూడా రాయండి.

డెక్‌కి కొత్త వెర్షన్ వస్తే సారాంశం మొత్తం మళ్లీ రాయక్కర్లేదు. మీ షీటులో మారిన స్లైడు వరసను వెతికి, నాలుగో నిలువు వరస పట్టుకుని దాని మీద ఆధారపడిన పాయింట్లన్నీ మళ్లీ చూడండి. నాలుగో స్లైడులో 120 గంటలు 150 అయితే, పదో స్లైడు మారకపోయినా దాని లెక్క మారినట్టే.